ఫిర్యాదు చేసినవారికి పండగ పలకరింపు

ఆషాఢం తగ్గింపులో కొన్న చీర మొదటి ఉతుకులోనే రంగు దిగిందని ఒకావిడ ఫిర్యాదు చేశారు. దుకాణంవాళ్లు డబ్బు వాపసు ఇచ్చారు. ఇప్పుడు దీపావళికి ఆమెకు ఏమని రాయాలి?

“నమస్కారం మేడమ్. మీకు, మీ ఇంటిల్లిపాదికీ దీపావళి శుభాకాంక్షలు. ఆషాఢంలో చీర రంగు గురించి మీరు చెప్పాక, ముదురు రంగు చీరల్ని తెల్లటి తడిగుడ్డతో రుద్ది చూశాకే అమ్మకానికి పెడుతున్నాం. చెప్పినందుకు కృతజ్ఞతలు.”

ఇంతే చాలు. “మీకు అసౌకర్యం కలిగి ఉంటే” అని రాస్తే ఆమె మాటను శంకించినట్టే. “ఉప్పునీళ్లలో నానబెట్టాల్సింది” అంటే తప్పు ఆమె మీదికి నెట్టినట్టే. డిస్కౌంట్ కూపన్ జోడిస్తే పలకరింపు కాస్తా బేరమవుతుంది. డబ్బు ఇంకా ఇవ్వకపోయి ఉంటే మాత్రం ముందు ఆ లెక్క తేల్చాలి. శుభాకాంక్షలు ఆ తర్వాతే.