మీకు తెలుసా? ముందు పోయేది ఎరుపే!

క్షయకు వాడే ఇథాంబ్యుటాల్ కంటినరాన్ని దెబ్బతీస్తే, కొందరికి చూపు మసకబారకముందే ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా తెలియకుండా పోతుంది. పండిన టమాటా వెలిసిపోయినట్టు కనిపిస్తుంది.

నొప్పి ఉండదు, కన్ను ఎర్రబడదు. తొలిరోజుల్లో డాక్టరు కంటిలోపలికి చూసినా నరం మామూలుగానే ఉండొచ్చు. అందుకే రంగు చుక్కల్లో దాగిన అంకెను చదివించే ఇషిహారా పుస్తకంతో పరీక్షిస్తారు. మందు మొదలుపెట్టక ముందే ఒకసారి ఈ పరీక్ష చేయిస్తే, తర్వాత తేడా పట్టుకోవడం తేలిక.

ముప్పు మోతాదును బట్టి పెరుగుతుంది. మన క్షయ కార్యక్రమంలో ఇచ్చే కలిపిన మాత్ర ఒక్కోదాంట్లో 275 మిల్లీగ్రాముల ఇథాంబ్యుటాల్ ఉంటుంది. 55 కిలోల మనిషికి రోజుకు నాలుగు, అంటే 1,100 మిల్లీగ్రాములు, కిలోకు 20. ఈ మందు చాలావరకు మూత్రంలోనే బయటికి పోతుంది. కిడ్నీలు నెమ్మదించినవారిలో అదే మోతాదు ఒంట్లో పేరుకుపోతుంది. వారికి పరీక్షలు మరింత తరచుగా కావాలి.

కంటి ఇబ్బంది ఎక్కువగా రెండు నెలలు దాటాక బయటపడుతుంది. వెంటనే ఆపితే చాలామందికి చూపు నెలల మీద తిరిగొస్తుంది, అందరికీ కాదు.

వారానికోసారి ఒక కన్ను మూసి, రెండో కంటితో పేపరు చదవండి. అక్షరాలో రంగులో తేడాగా అనిపిస్తే ఆ రోజే డాక్టరుకు చెప్పండి. ఏ మాత్ర ఆపాలో ఆయనే చెబుతారు. మీ అంతట మీరు కోర్సు మొత్తం మానేయొద్దు.