పులావు ప్లేటులో కేలరీలెన్ని?

వెజిటబుల్ పులావు కేలరీలు లెక్కగట్టాలంటే వండిన అన్నాన్ని కాదు, పొయ్యి వెలిగించక ముందు పొడి బియ్యాన్ని తూచాలి. అన్నం బరువు పోసిన నీళ్లను బట్టి మారుతుంది. నీళ్లలో కేలరీలు ఉండవు. నానిన బియ్యాన్ని తూచినా లెక్క తప్పుతుంది, అవి అప్పటికే నీళ్లు పీల్చుకుని ఉంటాయి.

నలుగురికి వండుదాం. బియ్యం 300 గ్రాములు. వంద గ్రాములకు సుమారు 350 చొప్పున 1,050 కేలరీలు. నెయ్యి 40 గ్రాములు. గ్రాముకు దాదాపు 9 చొప్పున 360. క్యారెట్, బీన్స్, పచ్చి బఠాణీ కలిపి పావు కిలో, సుమారు 120. దాల్చినచెక్క, లవంగాలు, యాలకులు, బిర్యానీ ఆకు నేతిలో వేగి వాసననిస్తాయి. తినేటప్పుడు పక్కన పెట్టేస్తాం కాబట్టి వాటిని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. మొత్తం 1,530. నాలుగు సమాన వాటాలైతే ప్లేటుకు సుమారు 380.

కానీ అందరూ సమానంగా వడ్డించుకోరు. అందుకే ఖాళీ గిన్నె బరువు ముందే రాసుకుని, వండాక మళ్లీ తూచండి. పులావు 1,100 గ్రాములు తూగిందనుకోండి. 350 గ్రాములు పెట్టుకున్నవారికి దాదాపు 490 కేలరీలు అందుతాయి.

ఎక్కువగా పొరపాటు జరిగేది నెయ్యి దగ్గరే. పేరుకున్న నెయ్యి చెంచాపై గుట్టగా నిలుస్తుంది, కరిగినది అంచు వరకే ఉంటుంది. అందుకే గిన్నెను త్రాసు మీద పెట్టి నెయ్యి వేయండి. పైన చల్లే నెయ్యినీ, జీడిపప్పునీ విడిగా కలుపుకోండి.