బస్సుకు ఎడమవైపు సందు

సిటీ ట్రాఫిక్‌లో బైక్ నడిపేవాళ్లకు ఎదురయ్యే సందుల్లో అన్నిటికంటే ప్రాణాంతకమైనది చూడ్డానికి అన్నిటికంటే అనువుగా ఉంటుంది. సిగ్నల్ దగ్గర బస్సు ఆగి ఉంటుంది. దానికీ ఫుట్‌పాత్‌కీ మధ్య మీటరున్నర, ఒక్కోసారి రెండు మీటర్ల ఖాళీ కనిపిస్తుంది. బండి ఇబ్బంది లేకుండా పడుతుంది. అవతల ఫ్రీ లెఫ్ట్ ఖాళీగా ఉంది. వెనకవాళ్లు హారన్ మోగిస్తుంటారు. ఇక ఎవరైనా దూరిపోతారు.

ఇంత రద్దీలో ఆ ఖాళీ ఎలా మిగిలిందన్నది ఆలోచించాల్సిన విషయం. చాలాసార్లు దాన్ని బస్సు డ్రైవరే వదులుతాడు. పొడవాటి బండి ఎడమకు తిరగాలంటే ముందు కాస్త కుడికి జరగాలి. లేకపోతే వెనక చక్రాలు ఫుట్‌పాత్ ఎక్కేస్తాయి. అంటే బస్సు కుడికి జరిగిందంటే కుడికి పోతుందనో, మనకు దారిచ్చిందనో అనుకోకూడదు. అది ఎడమ మలుపుకు సిద్ధమవుతూ ఉండొచ్చు. మనకు సందులా కనిపించేది దాని వెనక చక్రాలు రాబోయే చోటు.

మలుపులో వెనక చక్రాలు ముందు చక్రాల దారినే రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. నిచ్చెన భుజాన పెట్టుకుని ఇరుకు సందు మలుపు తిరిగే మనిషి ముందు కొసను ఎంత జాగ్రత్తగా తిప్పినా నిచ్చెన నడుము లోపలి గోడకు గీసుకున్నట్టే ఇదీ. పన్నెండు మీటర్ల సిటీ బస్సుకు ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసు దాకా సుమారు 6 మీటర్లుంటుంది. ముందు ఇరుసు 10 మీటర్ల వ్యాసార్ధంతో గుండ్రంగా తిరుగుతూ ఉంటే వెనక ఇరుసు 8 మీటర్ల వ్యాసార్ధంలో తిరుగుతుంది. బడిలో నేర్చుకున్న 6, 8, 10 లంబకోణ త్రిభుజమే ఇది. అంటే వెనక చక్రాలు రెండు మీటర్లు లోపలికి వస్తాయి. ఇరుసుల మధ్య రెండున్నర మీటర్లుండే కారు అదే మలుపు తిరిగితే లోపలికి వచ్చేది ముప్ఫై సెంటీమీటర్లే. కూడలిలో బస్సు పావు చుట్టే తిరుగుతుంది కాబట్టి రెండు మీటర్లూ పూర్తిగా రాకపోవచ్చు. అయినా మీటరుకు పైగానే వస్తుంది. బైక్ హ్యాండిల్ వెడల్పు మీటరు కూడా ఉండదు. కార్ల పక్కన నడిపి అలవాటైన కంటికి బస్సు పక్కన అంచనా తప్పేది ఇక్కడే.

డ్రైవరు చూసుకోడా అని అడగొచ్చు. మన దేశంలో డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు. ఎడమ పక్క ఆయనకు రెండున్నర మీటర్ల అవతల ఉంటుంది. అక్కడ జరిగేది అద్దంలోనే తెలియాలి. ఒక డిపోలో ఆగి ఉన్న బస్సు డ్రైవరు సీట్లో నన్ను కూర్చోబెట్టారు. నా మిత్రుడు బైక్ మీద వెనకనుంచి ఎడమ పక్కగా మెల్లగా వచ్చాడు. అద్దంలో మొదట బాగానే కనిపించాడు. వెనక చక్రం దాటాడు, నడుమ దాకా వచ్చాడు, తలుపు దగ్గరకు వచ్చేసరికి అద్దం అంచులోంచి జారిపోయాడు. పక్కన నిలబడ్డ డ్రైవరు, "ఇప్పుడు అద్దంల చూడుండ్రి సార్, మీ దోస్తు కనవడ్తుండా?" అన్నాడు. కనబడలేదు. అద్దాల్లో లేడు, ముందు గాజులోనూ లేడు. బస్సు ఎడమ ముందు మూల పక్కన, చేత్తో తట్టగలిగేంత దగ్గర నిలబడి ఉన్నాడు.

అది ఖాళీ బస్సు. ఉదయం ఎనిమిదిన్నరకు ముందు తలుపు దగ్గర జనం నిలబడి ఉంటారు, ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్లు అద్దానికే అడ్డం వస్తారు. అప్పుడు డ్రైవరుకు ఎడమవైపు కనిపించేది ఇంకా తక్కువ. "అద్దంలో డ్రైవరు ముఖం మనకు కనిపిస్తే మనం ఆయనకు కనిపిస్తాం" అనే సూత్రం మంచిదే, కానీ అది సగమే. కనిపించే చోట ఉన్నంత మాత్రాన ఆయన ఆ క్షణాన అటే చూస్తున్నాడని కాదు. కూడలిలో ఆయన కళ్లు ఎక్కువగా కుడినుంచి వచ్చే బండ్ల మీద ఉంటాయి.

ఇప్పుడు ఆ సిగ్నల్ దగ్గరి నాలుగు క్షణాలు చూద్దాం. పచ్చ లైటు పడింది. బస్సు నిదానంగా కదిలింది, బైక్ కూడా దాని ఎడమ పక్కన కదిలింది. ముందు బస్సు నేరుగానే పోతుంది, అనుమానం రాదు. బస్సు ముఖం కూడలిలోకి వెళ్లాక ఎడమకు తిరుగుతుంది. అప్పటికి బైక్ బస్సు నడుమ దగ్గరుంది. ఆ చోట బస్సు గోడ ముందు దూరంగానే ఉంటుంది, తర్వాత దగ్గరవుతుంది. మామూలుగా అప్పుడు నడిపేవాడు చేసేది గ్యాస్ ఇవ్వడం, ముందుకు దాటేద్దామని. కానీ ముందు దారిని బస్సు ముఖమే మూసేస్తోంది. ఎడమన ఫుట్‌పాత్ రాయి. హ్యాండిల్ బస్సు రేకుకు తగిలితే బండి బస్సు కిందికే ఒరుగుతుంది, ఎందుకంటే కుడి హ్యాండిల్ వెనక్కి నెట్టబడితే ముందు చక్రం కుడికి తిరుగుతుంది. ఆ తర్వాత వచ్చేది వెనక చక్రం. అప్పుడు బస్సు వేగం పది కిలోమీటర్లు కూడా ఉండదు. ఇలాంటి ప్రమాదాల్లో వేగానికి పెద్ద పాత్ర లేదు.

ఇది ముందే పసిగట్టే దారులున్నాయి. ఇండికేటర్ వెలిగితే మంచిదే, వెలగలేదని నమ్మకూడదు. బస్సు ముందు చక్రాన్ని చూడాలి. పవర్ స్టీరింగు బండ్లలో బస్సు కదలకముందే చక్రం తిరగడం కనిపిస్తుంది. బ్రేకు వదిలినప్పుడు వచ్చే "బుస్సు" మన్న గాలి చప్పుడు కదలబోతున్నట్టు చెబుతుంది. కండక్టరు "రైట్ రైట్" అన్నా అంతే. స్టాపులో ఆగిన బస్సు విషయంలో ఇంకొకటి: అది కుడికి హ్యాండిల్ కొట్టి బయల్దేరేటప్పుడు వెనక ఇరుసు దాటి పొడుచుకొచ్చిన తోక భాగం ఎడమకు ఊగుతుంది. స్టాపు వైపు తోక పక్కన నిలబడ్డ మనిషినీ బైక్‌నీ అది తోసేయగలదు. అదీగాక ఎడమ పక్క ఏ క్షణానైనా ప్రయాణికుడు దిగే చోటు. దిగేవాళ్లు బైక్ వస్తుందా అని చూసుకోరు, చూసుకోవాలని అనడమూ న్యాయం కాదు.

మరి ఎక్కడుండాలి? బస్సు వెనక ఉన్నప్పుడు సరిగ్గా నడిమధ్య ఉండటం మంచిది కాదు. అక్కడ ఉంటే రెండు అద్దాల్లోనూ కనబడం. బస్సు తన చక్రాల మధ్యకు వచ్చేలా దాటించిన గుంత మన ముందు చక్రం కింద అకస్మాత్తుగా తేలుతుంది. బస్సు కుడి చక్రాలు పోయిన దారిలో, కాస్త దూరంగా ఉంటే ఆ చక్రాలు ఎగిరిన చోటు ముందే తెలుస్తుంది. కుడి అద్దంలో డ్రైవరుకు కనబడతాం, రోడ్డు కూడా ఎదర దాకా కనిపిస్తుంది. దూరమెంత అంటే రెండు సెకన్లు. 36 కిలోమీటర్ల వేగంలో అది ఇరవై మీటర్లు. ఆ ఖాళీలోకి ఆటో దూరుతుందని అందరూ అంటారు. దూరుతుంది. కాస్త వెనక్కి తగ్గి మళ్లీ దూరం తెచ్చుకోవాలి. పోయేది కొన్ని సెకన్లే.

దాటాల్సి వస్తే కుడివైపునుంచి, తేల్చుకుని దాటాలి. బస్సు పన్నెండు మీటర్లు, వెనకా ముందూ చెరో ఐదు మీటర్లు కలిపితే ఇరవై రెండు. బస్సు కంటే పది కిలోమీటర్ల వేగం ఎక్కువ ఉంటే ఆ దూరానికి ఎనిమిది సెకన్లు పడుతుంది. ఐదే ఎక్కువుంటే పదహారు. ఆ పదహారు సెకన్లూ మనం వెనక చక్రం పక్కన, డ్రైవరు కిటికీ కింద వేలాడుతూ ఉంటాం. ఎదర ఎనిమిది సెకన్ల జాగా లేకపోతే బస్సు వెనకే ఉండటం మేలు. నగరంలో యూటర్నులు ఎక్కువైన చోట బస్సుకూ డివైడరుకూ మధ్య సందు కూడా ఇలాగే మూసుకుంటుంది.

లారీలు, టిప్పర్ల దగ్గర ఇంకో జాగా ఉంది. ముఖానికి ఎదురుగా, బంపరుకు ఆనుకుని. సిగ్నల్ దగ్గర బైకులన్నీ వచ్చి ఆగేది అక్కడే. టిప్పరు డ్రైవరు కూర్చునే ఎత్తుకు ముందు మీటరు దూరంలో ఉన్న హెల్మెటు గాజు కింది అంచులో కలిసిపోతుంది. క్లీనరు లేని లారీలో ఎడమనుంచి చూసి చెప్పే మనిషీ ఉండడు. వెనక్కి తిరిగి చూస్తే డ్రైవరు కళ్లు కనిపించాలి. కనిపించకపోతే ఒక బండి పొడవు ముందుకు జరగాలి, అది కుదరకపోతే లారీ వెనకే ఆగాలి.

భారమంతా బైక్ వాడి మీదే వేసి ఊరుకోవడం నాకు నచ్చదు. మనలాగే ఎడమవైపు నడుస్తూ డ్రైవరు కుడివైపు కూర్చునే లండన్‌లో, తిరిగే లారీల ఎడమ పక్కన సైకిళ్లవాళ్లు చనిపోతుంటే, అక్కడి రవాణా సంస్థ డ్రైవరుకు క్యాబినులోంచి నేరుగా ఎంత కనబడుతుందో కొలిచి లారీలకు సున్నా నుంచి ఐదు దాకా నక్షత్రాలు ఇచ్చింది. 12 టన్నులు దాటిన లారీలకు 2021 మార్చి నుంచి ఆ లెక్కన అనుమతి తప్పనిసరి. 2024 అక్టోబరులో హద్దును మూడు నక్షత్రాలకు పెంచారు. అంతకంటే తక్కువున్నవి సెన్సర్లు, కెమెరాల వంటివి అమర్చుకోవాలి. మన నగరాల్లో తిరిగే టిప్పర్లకు, బస్సులకు ఇలాంటి కొలత రావాలని గట్టిగా అడగాల్సిన అవసరం ఉంది.

అన్నీ తెలిసినా ఏదో ఒకరోజు ఆ సందులో ఇరుక్కోవచ్చు, పక్కన బస్సు తిరగడం మొదలుపెట్టొచ్చు. అప్పుడు గ్యాస్ ఇవ్వకూడదు. బ్రేకు వేసి ఆగాలి. వెనక చక్రం ఇంకా వెనకే ఉంటే బండి వదిలేసి ఫుట్‌పాత్ మీదికి దూకాలి. చెయ్యి ఖాళీ అయితే బస్సు రేకు మీద దబదబా కొట్టాలి, కేకలెయ్యాలి. ఎడమ కిటికీల దగ్గర కూర్చున్న ప్రయాణికులకు మనం కనబడతాం. వాళ్లు అరిస్తే కండక్టరు ఆపిస్తాడు. లారీలో అలా అరిచేవాళ్లు ఉండరు కాబట్టి అక్కడ రేకు కొడుతూ సమయం పోగొట్టకుండా బండి వదిలేసి ముందు ఫుట్‌పాత్ ఎక్కాలి.