‘మా అమ్మాయి ఏ రూమ్‌లో ఉందండీ?’.. లాడ్జి కౌంటర్‌లో ఈ ప్రశ్నకు ఏం చెప్పాలంటే!

అన్నవరంలో పెళ్లి ముహూర్తాలంటే కొండ దిగువన లాడ్జిలన్నీ కిటకిటలాడతాయి. పెద్దలు కుదిర్చిన పెళ్లి వారితో పాటు ఇంట్లో చెప్పకుండా వచ్చిన జంటలూ ఉంటాయి. అలాంటి రోజున ఓ పెద్దాయన కౌంటర్ దగ్గరకొచ్చి ‘మా అమ్మాయి ఏ రూమ్‌లో ఉందండీ?’ అని అడిగాడనుకుందాం. ఆయన నిజంగా తండ్రే కావచ్చు. అయినా సరే నంబర్ చెప్పకూడదు. ఆ అమ్మాయి దాక్కున్నది ఆయన నుంచే కావచ్చు.

‘ఉన్నారు గానీ నంబర్ చెప్పలేం’ అన్నా తప్పే. ఉన్నారన్న సంగతి తెలిసిపోయిందిగా! ఆ పేరుతో ఎవరూ దిగకపోయినా, దిగినా ఒకటే జవాబు ఉండాలి. ‘ఎవరున్నారో చెప్పకూడదండీ. మీ పేరు, ఫోన్ నంబర్ ఇచ్చి వెళ్లండి. అలాంటివారు ఉంటే కబురు అందిస్తాం’ అంటే సరిపోతుంది. తర్వాత ఆయన కంటపడకుండా, లోపలి ఫోన్ నుంచి గదికి చెప్పాలి. కిందకు రావాలో వద్దో గెస్టే తేల్చుకుంటారు.

కంటపడకుండా ఎందుకంటే.. 2008లో అమెరికాలోని నాష్‌విల్‌లో జరిగిందే ఉదాహరణ. టీవీ స్పోర్ట్స్ రిపోర్టర్ ఎరిన్ ఆండ్రూస్‌ను వెంటాడుతున్న ఓ వ్యక్తి, హోటల్ లోపలి ఫోన్ నుంచి ఆమె గదికి కలపమన్నాడు. ఆ ఫోన్ తెరపై రూమ్ నంబర్ కనిపించింది! నోటితో ఎవరూ చెప్పలేదు. తర్వాత పక్క గదే కావాలని అడిగితే ఇచ్చేశారు. తలుపుకుండే చూపు రంధ్రం గుండా ఆమెను రహస్యంగా వీడియో తీశాడు. 2016లో జ్యూరీ 5.5 కోట్ల డాలర్ల పరిహారం ఖరారు చేసింది. అందులో 49 శాతం బాధ్యత హోటల్ యజమాని, నిర్వాహక సంస్థలదేనని తేల్చింది. కాబట్టి ‘ఫలానా వారి పక్క రూమ్ ఇవ్వండి’ అని ఎవరడిగినా, ముందు ఆ ఫలానా వారిని అడగాల్సిందే.

మన లాడ్జిల్లో తాళాల బోర్డూ ఇలాంటిదే. కౌంటర్ వెనక కొక్కేనికి తాళం వేలాడుతుంటే ఆ గదిలో మనుషులు లేరని దారినపోయేవాడికీ తెలుస్తుంది. తాళాలు సొరుగులో పెట్టుకోవాలి. గది ఇచ్చేటప్పుడు నంబర్ గట్టిగా చదవకుండా, చీటీ మీద రాసి ఇవ్వడం మేలు.

కీ కార్డులున్న చోట ఇంకో చిక్కుంది. కార్డు పోయిందని గెస్ట్ వస్తే ముందు గుర్తింపు కార్డును రిజిస్టర్‌తో పోల్చి చూడాలి. తర్వాత ‘డూప్లికేట్’ కాదు, ‘కొత్త కీ’ తయారుచేయాలి. డూప్లికేట్ తీస్తే పోయిన కార్డు కూడా పనిచేస్తూనే ఉంటుంది. కంప్యూటర్‌తో నేరుగా సంబంధం లేని తాళాల్లో, కొత్త కార్డుతో తలుపు ఒక్కసారైనా తెరిస్తేనే పాతది చెల్లకుండా పోతుంది. అందుకే బాయ్‌ని తోడు పంపి వెంటనే తెరిపించాలి.

కౌంటర్ దగ్గర గొడవ చేసినా, మెట్లెక్కి తలుపులు కొట్టబోయినా, ఆలస్యం చేయకుండా 112కు ఫోన్ చేయాలి. ‘మేం పోలీసులం’ అంటూ సివిల్ డ్రెస్‌లో వస్తే ఐడీ చూసి, అనుమానముంటే స్టేషన్‌కు ఫోన్ చేసి కనుక్కున్నాకే రిజిస్టర్ చూపించాలి.