గజ్జ కింద ముక్కోణం: నరం బయటి వైపు, సిర లోపలి వైపు ఎందుకు?

హీమోఫీలియా ఉన్న కుర్రాడు ఆటలో పడ్డాడనుకుందాం. పైకి దెబ్బేమీ కనబడదు. మర్నాటికి గజ్జలో నొప్పి మొదలవుతుంది. మంచం మీద తొడ పైకి ముడుచుకునే పడుకుంటాడు, కాలు చాపమంటే అరుస్తాడు. నొప్పి కుడివైపైతే అపెండిసైటిస్ అనుకునే ప్రమాదం కూడా ఉంది. డాక్టరు చిన్న సుత్తితో మోకాలి చిప్ప కింద తట్టి చూస్తే కాలు ఎగరదు. తొడ ముందు భాగం మొద్దుబారి ఉంటుంది. మోకాలు తిన్నగా చాపే బలం తగ్గిపోయి ఉంటుంది. అయినా పాదం వెచ్చగానే ఉంటుంది. పాదం మీద నాడి చక్కగా కొట్టుకుంటుంది. కాలు వాయదు.

అంటే తొడ నరం నలిగిపోతోంది. దానికి వేలెడు దూరంలో ఉన్న పెద్ద ధమనికీ, ఆ పక్కనే ఉన్న పెద్ద సిరకూ ఏమీ కాలేదు. మూడూ ఒకే చోట, ఒకే దారిన తొడలోకి దిగుతున్నట్టు కనిపిస్తాయి. మరి ఒక్క నరానికే ఎందుకు ఆపద వచ్చింది?

దీనికి జవాబు తెలియాలంటే ముందు ఆ చోటు చూడాలి. తొడ మొదట్లో, గజ్జ మడతకు దిగువన ఉండే ఈ ప్రదేశాన్ని ఫెమోరల్ ట్రయాంగిల్ అంటారు. ఇటలీ శరీరనిర్మాణ శాస్త్రవేత్త ఆంటోనియో స్కార్పా పేరు మీద స్కార్పా త్రికోణమని కూడా పిలుస్తారు. బల్ల మీద వెల్లకిలా పడుకుని, మోకాలు కొద్దిగా ముడిచి పక్కకు వాల్చి, కాలును నెమ్మదిగా పైకెత్తితే సన్నటి మనుషుల్లో దాని ఆకారం చర్మం కిందే తెలుస్తుంది. నడుము పక్కన ముందుకు పొడుచుకొచ్చిన ఎముక చేతికి తగులుతుంది కదా, అక్కడి నుంచి కింద జననాంగాల దగ్గరి జఘన ఎముక మీది బొడిపె దాకా బిగువుగా లాగి కట్టినట్టు ఒక పట్టీ ఉంటుంది. దాని పేరు ఇంగ్వినల్ లిగమెంట్. త్రికోణానికి పై అంచు అదే. బయటి అంచు సార్టోరియస్ కండరం. బాసింపట్టు వేసుకుని కూర్చునేటప్పుడు కాలును మడిచే కండరాల్లో ఇదొకటి. నడుము ఎముక నుంచి తొడ మీద ఏటవాలుగా మోకాలి లోపలి వైపుకు దిగుతుంది. లోపలి అంచు అడక్టర్ లాంగస్ అనే కండరం. తొడలు రెండూ గట్టిగా దగ్గరికి నొక్కితే గజ్జలో తాడులా బిగుసుకునేది దీని పై భాగమే. ఈ రెండు కండరాలూ కిందికి దిగుతూ కలిసే చోట త్రికోణం ముగుస్తుంది. పైన కప్పుగా చర్మం, కొవ్వు, వాటి కింద ఫేసియా లాటా అనే గట్టి పొర ఉంటాయి. అడుగున, బయటి నుంచి లోపలికి, ఇలియాకస్, సోయాస్, పెక్టినియస్ కండరాలు పరుచుకుని ఉంటాయి.

ఆ అడుగు మీద అన్నిటికంటే బయటగా నరం, దాని లోపలి పక్కన ధమని, ఆ తర్వాత సిర. సిరకు లోపలి వైపు కాస్త ఖాళీ, అందులో కొవ్వు, లింఫు నాళాలు, తరచుగా ఒక లింఫు గ్రంథి ఉంటాయి. ఇలాంటి గ్రంథులు ఇక్కడ పైపొరల్లో ఇంకా చాలా ఉన్నాయి. కాలికి పుండు పడితే గజ్జల్లో బిళ్ళలు కట్టడం అంటే అవి వాయడమే.

ఈ వరుసకు కారణం తొడలో కనబడదు, పొత్తికడుపులో వెతకాలి.

నడుము వెన్నుపూసలకు రెండు పక్కలా అంటుకుని కిందికి దిగే లావుపాటి కండరం సోయాస్. నడుములోని రెండు, మూడు, నాలుగు నరాల వేళ్ళు ఈ కండరం లోపలే కలిసి తొడ నరంగా తయారవుతాయి. తయారైన నరం సోయాస్ బయటి అంచు నుంచి వెలికి వస్తుంది. తుంటి ఎముక లోపలి గోడను కప్పి ఉండే ఇలియాకస్‌కూ సోయాస్‌కూ మధ్యనున్న సందులో కిందికి నడుస్తుంది. ధమని కథ వేరు. గుండె నుంచి వచ్చిన మహాధమని నాలుగో నడుము వెన్నుపూస దగ్గర, అంటే దాదాపు బొడ్డు ఎత్తున, రెండుగా చీలుతుంది. ఆ చీలికల కొమ్మలు సోయాస్ లోపలి అంచు వెంబడి దిగుతాయి. అంటే ఈ కండరం రెండు మళ్ళ మధ్య పొలం గట్టులాంటిది. నరం గట్టుకు అవతల పుట్టింది, రక్తనాళాలు ఇవతలి నుంచి వచ్చాయి. గజ్జ దగ్గరికి చేరేసరికి ఎవరి పక్కన వాళ్ళే ఉంటారు.

అంతకంటే ముఖ్యమైన తేడా పొరది. సోయాస్, ఇలియాకస్ రెంటినీ కలిపి కప్పే గట్టి పొర ఒకటుంది. దాన్ని ఇలియాక్ ఫేసియా అంటారు. నరం ఈ పొరకు వెనక, కండరాలతోపాటు ఉంటుంది. ధమనీ సిరా పొరకు ముందు ఉంటాయి. తొడలోకి దిగేటప్పుడు రక్తనాళాలు కడుపులోని పొరలను తమతో లాక్కొచ్చినట్టు మూడు నాలుగు సెంటీమీటర్ల పొడవున ఒక తొడుగు ఏర్పడుతుంది. దానికి ముందు గోడ పొత్తికడుపు లోపలి పొర, వెనక గోడ ఈ ఇలియాక్ ఫేసియా. ధమని, సిర, ఆ ఖాళీ జాగా తొడుగు లోపల. నరం ఒక్కటే తొడుగుకు బయట.

కుర్రాడికి ఏమైందో ఇప్పుడు తేలుతుంది. అతనికి రక్తం కారింది ఇలియాకస్ కండరంలో. పైనున్న గట్టి పొర సాగదు కాబట్టి ఆ రక్తానికి పోయే దారి లేదు. లోపల ఒత్తిడి పెరుగుతుంది, అదే అరలో ఉన్న నరం నలుగుతుంది. పొరకు ముందున్న రక్తనాళాల దాకా ఆ ఒత్తిడి అంతగా రాదు. తొడ ముడిస్తే సోయాస్ వదులవుతుంది కనుక అతను అలా పడుకుంటాడు. స్కాన్ తీసి కండరంలో రక్తం గడ్డకట్టిందని చూసుకుంటారు, లోపించిన ఫ్యాక్టర్‌ను ఎక్కిస్తారు. నరం తేరుకోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. వెన్నెముకకు క్షయ సోకినప్పుడు చీము చాలా దూరం ప్రయాణించి గజ్జలో గడ్డగా తేలడమూ ఈ దారి వల్లనే. సోయాస్ పొర లోపల జారుతూ వచ్చి చీము ఇక్కడ బయటపడుతుంది.

ఇదే పొరను డాక్టర్లు మేలుకు కూడా వాడుకుంటారు. ముసలివాళ్ళకు తుంటి ఎముక విరిగినప్పుడు కదిలిస్తే ప్రాణం పోయేంత నొప్పి. ఎక్స్‌రే బల్ల మీదికి మార్చేముందే గజ్జలో మత్తు సూది ఇస్తారు. సూది రెండు గట్టి పొరలను దాటాలి. మొదటిది ఫేసియా లాటా, రెండోది ఇలియాక్ ఫేసియా. ఒక్కో పొర తెగినప్పుడు చేతికి చిన్న కుదుపు తెలుస్తుంది. మొదటి కుదుపుకే ఆగిపోయి మందు వదిలితే నరానికి అందదు. అరగంట తర్వాత తొడ ముందు భాగాన్ని చల్లటి దూదితో తాకి చూస్తారు. చలి తెలుస్తూనే ఉంటే మందు సరైన చోట పడలేదన్నమాట.

ఇక సిర ధమనికి లోపలి పక్కన ఎందుకుంది? కటి అంచు వెంబడి పైకి పోయే సిర మొదటి నుంచీ ధమని కంటే లోపలగా, దిగువగా ఉంటుంది. రెండు కాళ్ళ నుంచీ వచ్చే సిరలు కడుపులో వెన్నెముక ముందు ధమనుల వెనకగా కలిసి ఒక్క మహాసిర అవుతాయి. గజ్జలో అడుగుభాగం కూడా అలాగే అమరింది. నరం ఇలియాకస్ మీద, ధమని సోయాస్ స్నాయువు మీద, సిర పెక్టినియస్ మీద ఆనుకుని ఉంటాయి. సిరకు లోపలి వైపున్న ఖాళీ వల్ల ఒక లాభముంది. బరువెత్తినప్పుడో, దగ్గినప్పుడో కాలి రక్తం పైకి పోలేక సిర ఉబ్బితే దానికి జాగా దొరుకుతుంది. ఆ జాగాకు ధర కూడా ఉంది. కడుపులోని పేగు ఆ సందులోకి జారితే ఫెమోరల్ హెర్నియా అవుతుంది. కటి వెడల్పుగా ఉండే ఆడవాళ్ళలో ఇది ఎక్కువ. దాని ముఖద్వారం అంచులు గట్టివి కాబట్టి పేగు ఇరుక్కుపోయి రక్తం అందక కుళ్ళే ప్రమాదం మామూలు గజ్జ హెర్నియా కంటే దీనికే ఎక్కువ. జఘన ఎముక బొడిపెకు దిగువగా, బయటి పక్కగా చిన్న గడ్డ వచ్చి, నొప్పీ వాంతులూ తోడైతే ఆలస్యం చేయకూడదు.

ఈ వరుస రక్షణ కోసమే ఏర్పడిందని కొన్నిచోట్ల చెబుతుంటారు. అలా అనుకోనక్కర్లేదు. గర్భంలోని పిండానికి మొదట కాలి ముఖ్య ధమని వెనక వైపున, పిరుదు దారిలో ఉంటుంది. ముందు ధమని తర్వాత పెరిగి ఆ పని తీసుకుంటుంది. అరుదుగా కొందరిలో పాత ధమనే మిగిలిపోతుంది. ఎవరు ఎక్కడ పుట్టి ఏ దారిలో వచ్చారన్నదే ఈ అమరికకు మూలం.

ధమని స్థానం పట్టుకోవడానికి ఒక గుర్తుంది. నడుము ముందు ఎముకకూ, రెండు జఘన ఎముకలు కలిసే చోటుకూ సరిగ్గా మధ్యలో వేలు ఆనిస్తే నాడి తగులుతుంది. ఆ నాడికి సెంటీమీటరు లోపలగా సిర, సుమారు సెంటీమీటరు నుంచి ఒకటిన్నర బయటగా నరం. 1953లో స్వీడన్ డాక్టరు సెల్డింగర్ సూది గుండా తీగ పంపి, సూది తీసేసి, తీగ మీదుగా గొట్టం దించే పద్ధతి ప్రచురించాక గజ్జ ధమని గుండె దాకా పోయే రాచబాట అయింది. ఇప్పుడు గుండె నాళాల పరీక్షలు ఎక్కువగా మణికట్టు నుంచి చేస్తున్నా, ఛాతీ కోయకుండా కవాటం మార్చే పెద్ద గొట్టాలు చాలావరకు గజ్జ నుంచే పోతాయి. గజ్జలోనే గుచ్చడానికి కారణం ధమని వెనక తొడ ఎముక తల ఉండటం. పని అయ్యాక ధమనిని ఆ ఎముక మీద ఆనించి పదిహేను ఇరవై నిమిషాలు నొక్కితే రక్తం ఆగుతుంది. సూది మరీ పైన, లిగమెంట్ దాటి పడితే నొక్కడానికి వెనక ఎముక ఉండదు. రక్తం కడుపు వెనకకు కారుతుంది. గజ్జలో వాపు కనబడకపోవచ్చు. రోగికి నడుము నొప్పి వచ్చి, చెమటలు పట్టి, బీపీ పడిపోతుంటే డాక్టరుకు ముందు రావలసిన అనుమానం ఇదే.

మరీ కిందికి పోయినా ఇబ్బందే, ఎందుకంటే పైన చెప్పిన వరుస త్రికోణం పై భాగానికే నిజం. నరం లిగమెంట్ దిగిన నాలుగు సెంటీమీటర్లలోపే కొమ్మలుగా చీలిపోతుంది. సిర కిందికి పోయేకొద్దీ ధమని వెనకకు జరుగుతుంది. త్రికోణం కొసలో ముందు ధమని, వెనక సిర, వాటి వెనక లోతు సిర, దాని వెనక లోతు ధమని ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉంటాయి. అక్కడ దిగిన కత్తి ఒక్కటే నాలుగింటినీ తెగ్గొట్టగలదు. సూదే గుచ్చినా ధమనిని దాటి వెనకున్న సిరలోకి దిగి, రెంటి మధ్యా దొంగదారి ఏర్పడవచ్చు. కొన్ని రోజుల తర్వాత చేత్తో తాకితే ఆ చోట జుమ్మని కంపిస్తుంది, స్టెతస్కోపుతో వింటే ఆగకుండా హోరు వినిపిస్తుంది. సిర కోసం గుచ్చే ముందు కాలును కొద్దిగా పక్కకు జరిపి, పాదాన్ని బయటికి తిప్పితే ధమని, సిర ఒకదాని మీద ఒకటి పడటం తగ్గుతుంది. అందుకే సూది పెట్టేముందు అల్ట్రాసౌండ్‌లో చూస్తారు. నొక్కితే మూతపడే నల్లటి గుండ్రం సిర, నొక్కినా కొట్టుకునేది ధమని.