గీతలు కనబడితే స్క్రీన్ పోయినట్టేనా?

చేతిలోంచి జారిన ల్యాప్‌టాప్‌ను తీసి చూస్తే పైకి చిన్న సొట్ట కూడా ఉండదు. మూత తెరిస్తే మాత్రం తెర నిండా రంగు గీతలు కనబడతాయి, లేదంటే అంతా చీకటి. స్క్రీన్ పోయిందనుకుని చాలామంది నేరుగా కొత్త ప్యానెల్ ధర అడుగుతారు. కానీ గాజు చెక్కుచెదరకపోతే ముందు అనుమానించాల్సింది డిస్‌ప్లే కేబుల్‌ను.

మదర్‌బోర్డు నుంచి తెరకు బొమ్మనూ, వెలుగుకు కావలసిన కరెంటునూ మోసుకెళ్లేది ఈ కేబులే. సాధారణంగా 30 లేదా 40 పిన్నుల చిన్న కనెక్టర్‌తో బోర్డుకు తగులుకుని, మూత తిరిగే హింజ్ పక్కగా పైకి వెళ్తుంది. కింద పడిన కుదుపుకు కనెక్టర్ ఒక పక్క కాస్త పైకి లేవొచ్చు. లేదా హింజ్ వంగి కేబుల్‌ను నొక్కేయొచ్చు.

ఆ చోటు ఎంత సున్నితమో చెప్పడానికి 2016 నాటి 13 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రో మంచి ఉదాహరణ. అందులో తెర వెలుగుకు సంబంధించిన కేబుల్ పొట్టిగా ఉండి, మూత తెరిచి మూసినప్పుడల్లా ఒరుసుకుని అరిగిపోయింది. తెర అడుగున వెలుగు మచ్చలు మచ్చలుగా కనబడేది. కొందరికి తెర పూర్తిగా ఆరిపోయేది. 2019 మేలో ఆపిల్ ఈ లోపానికి ఉచిత మరమ్మతు ప్రకటించింది. కింద పడకుండానే అలా జరిగిందంటే, పడ్డాక హింజ్ దగ్గర ఏం జరిగిందో చూడటం తప్పనిసరి.

ఒక ఇంజినీరింగ్ విద్యార్థి ల్యాప్‌టాప్‌నే తీసుకుందాం. హాస్టల్ మంచం మీద నుంచి పడ్డాక నిలువు గీతలు మొదలయ్యాయి. ముందు హెచ్‌డీఎంఐ వైరుతో టీవీకి కలిపి చూశారు. టీవీలో బొమ్మ శుభ్రంగా వచ్చింది. అంటే ప్రాసెసర్, గ్రాఫిక్స్ బాగానే ఉన్నాయి. ఆ టీవీని చూస్తూనే ముఖ్యమైన ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించారు. తర్వాత మూతను మెల్లగా వెనక్కి వంచితే గీతలు మాయమై, ముందుకు తెస్తే మళ్లీ వచ్చాయి. మూత కదలికతో గీతలు మారుతున్నాయంటే కేబుల్ మీద గట్టి అనుమానం పెట్టుకోవచ్చు. అడుగు మూత విప్పితే డిస్‌ప్లే కనెక్టర్ ఒక కొస పైకి లేచి ఉంది. తిన్నగా కూర్చోబెట్టగానే తెర మామూలైంది.

అందరికీ ఇంత తేలిగ్గా తేలదు. తెర మీద సిరా ఒలికినట్టు నల్ల మచ్చ ఉన్నా, లోపల సాలెగూడు లాంటి పగుళ్లు కనబడినా ప్యానెల్ పగిలినట్టే. మూత ఎటు వంచినా కదలకుండా ఒకే చోట నిలిచిపోయిన సన్నని గీత కూడా చాలాసార్లు ప్యానెల్ లోపమే. వీటికి కేబుల్ తీసి పెట్టడం వల్ల ప్రయోజనం ఉండదు.

అసలు ఆన్ కాని ల్యాప్‌టాప్‌కు ముందుగా ఛార్జర్ తీసేసి పవర్ బటన్‌ను 30 సెకన్లు నొక్కి ఉంచి, మళ్లీ ప్రయత్నించాలి. లైటు వెలిగి, ఫ్యాన్ తిరుగుతూ, బీప్ శబ్దాలు వచ్చి తెర మాత్రం రాకపోతే ర్యామ్ కదిలి ఉండొచ్చు. ఏ లైటూ వెలగకపోతే ఛార్జింగ్ పిన్, బ్యాటరీ కనెక్టర్, పవర్ బటన్ కేబుల్ చూడాలి. బ్యాటరీ ఉబ్బినా, కాలిన వాసన వచ్చినా ఆన్ చేయకుండా, ఛార్జింగ్ పెట్టకుండా దుకాణానికి తీసుకెళ్లాలి.

విప్పదలచుకుంటే ఛార్జర్ తీసి, షట్‌డౌన్ చేసి, అడుగు మూత తెరవగానే మొట్టమొదట బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి. కరెంటు ఉండగా డిస్‌ప్లే కేబుల్‌ను వంకరగా లాగినా, పెట్టినా పిన్నులు కలిసిపోయి బోర్డు మీది బ్యాక్‌లైట్ ఫ్యూజు ఎగిరిపోవచ్చు. అప్పుడు తెర చీకటిగా ఉండి, టార్చి వేస్తే మాత్రం లోపల బొమ్మ లీలగా కనబడుతుంది. కనెక్టర్ మీద టేపు గానీ సన్నని లోహపు కొక్కెం గానీ ఉంటే ముందు దాన్ని ఎత్తాలి. తీగలు పట్టుకుని గుంజకూడదు. ర్యామ్‌కు రెండు పక్కల క్లిప్పులను బయటికి జరిపితే అది వాలుగా లేస్తుంది. తీసి, అదే వాలులో లోపలికంటా నెట్టి, క్లిక్‌మనేదాకా కిందికి నొక్కాలి. కొన్ని పలుచని మోడళ్లలో ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది. దాన్ని ఇంట్లో తీయలేం.

కేబుల్ సరిచేశాక హింజ్‌నూ చూడాలి. స్క్రూలు పట్టుకునే ఇత్తడి నట్లు ప్లాస్టిక్‌లోంచి ఊడివస్తే, మూత తెరిచినప్పుడు మూల దగ్గర బాడీ విచ్చుకుంటుంది. ఆ స్థితిలో మూత ఆడిస్తే కేబుల్ నలిగి, గీతలు మళ్లీ వస్తాయి. హింజ్ బాగుచేయించేదాకా మూత కదపకపోవడం మంచిది.

విప్పే ధైర్యం లేనివారు సికింద్రాబాద్ సీటీసీకి వెళ్లినా, ఊళ్లోని దుకాణానికి వెళ్లినా, టీవీకి కలిపినప్పుడు ఏం కనబడిందో, మూత వంచితే గీతలు మారాయో లేదో ముందుగా చెప్పండి. కేబుల్, హింజ్ చూశాకే కొత్త ప్యానెల్‌కు ఒప్పుకోండి.