షాట్ మిస్సయ్యాక కొట్టే హై-ఫైవ్‌కే ఎక్కువ పవర్!

ఈరోజు ఎపిసోడ్‌లో మనం రోజూ చూసే ఒక చిన్న విషయం గురించి మాట్లాడుకుందాం. మ్యాచ్‌లో ప్లేయర్లు చేతులు కొట్టుకుంటారు, పిడికిళ్లు తాకిస్తారు, గుండ్రంగా నిలబడి భుజాల మీద చేతులు వేసుకుంటారు. ఇదంతా ఊరికే స్టైలా, లేక దానివల్ల ఆటలో నిజంగా ఏమైనా తేడా వస్తుందా?

ముందు ఒక చిన్న కథ చెప్తా. 1977 అక్టోబర్ 2. అమెరికాలో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ బేస్‌బాల్ మ్యాచ్. డస్టీ బేకర్ అనే ప్లేయర్ ఆ సీజన్‌లో తన 30వ హోమ్ రన్ కొట్టి పరిగెత్తుకుంటూ వచ్చాడు. తర్వాత బ్యాటింగ్‌కి వెళ్లాల్సిన గ్లెన్ బర్క్ చెయ్యి బాగా పైకెత్తి అతని కోసం నిలబడ్డాడు. బేకర్ ఆ చేతిని ఫట్‌మని కొట్టాడు. హై-ఫైవ్ పుట్టింది అక్కడే అని చాలామంది చెప్పుకుంటారు.

ఈ కథలో హై-ఫైవ్ ఎప్పుడొచ్చింది? హోమ్ రన్ కొట్టిన తర్వాత. మనం కూడా అలాగే అనుకుంటాం కదా. సిక్స్ కొడితే హై-ఫైవ్, గోల్ పడితే హగ్. కానీ రీసెర్చ్ చేసినవాళ్లు లెక్కలు తీస్తే ఇంకో విషయం బయటపడింది. టచ్ బాగా పనిచేసేది గెలిచినప్పుడు కాదు, తప్పు జరిగినప్పుడు!

అదెలాగో చూద్దాం. బాస్కెట్‌బాల్‌లో ఫ్రీ త్రో అని ఉంటుంది. షాట్ వేస్తున్న ప్లేయర్‌ని ఎదుటి టీమ్ వాళ్లు ఫౌల్ చేస్తే, మామూలుగా రెండు ఫ్రీ షాట్లు ఇస్తారు. గేమ్ క్లాక్ ఆగిపోతుంది. బోర్డుకి 15 అడుగుల దూరంలో ఉన్న గీత దగ్గర ప్లేయర్ ఒంటరిగా నిలబడాలి. ఎవరూ అడ్డురారు, కానీ స్టేడియం మొత్తం ఆ ఒక్కరినే చూస్తూ ఉంటుంది. బాల్ చేతికొచ్చాక కొన్ని సెకన్లలోనే వేసెయ్యాలి.

ఇప్పుడు మొదటి షాట్ మిస్సయింది అనుకోండి. రెండో షాట్‌కి ముందు చిన్న గ్యాప్ ఉంటుంది. ఆ గ్యాప్‌లో టీమ్‌మేట్స్ ఒక అడుగు ముందుకొచ్చి ఆ ప్లేయర్ చేతిని తట్టి, మళ్లీ తమ చోటుకి వెళ్లిపోతారు. టీవీలో చూస్తే, "షాట్ మిస్సయితే మెచ్చుకుంటారేంటి?" అనిపిస్తుంది. అది మెచ్చుకోవడం కాదు. "పర్లేదు, ఇంకోటి ఉంది, మేం ఇక్కడే ఉన్నాం" అని మాటల్లేకుండా చెప్పడం.

2024లో వచ్చిన ఒక స్టడీ సరిగ్గా ఈ గ్యాప్ మీదే జరిగింది. అమెరికాలో అమ్మాయిల కాలేజీ బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లు 60 తీసుకున్నారు. మొదటి షాట్ తర్వాత ఎంతమంది టీమ్‌మేట్స్ వచ్చి తాకారో వీడియోలు చూసి లెక్కపెట్టారు. మొదటి షాట్ మిస్సయినప్పుడు, ఎక్కువమంది వచ్చి తట్టిన ప్లేయర్లకి రెండో షాట్ పడే ఛాన్స్ పెరిగింది. మరి మొదటి షాట్ పడితే? అప్పుడు ఈ తేడా కనిపించలేదు. అంటే బాగా ఆడుతున్నవాళ్లకి టచ్ అదనపు బోనస్ లాంటిది, తడబడినవాళ్లకి మాత్రం చేయూత.

ఎందుకిలా? మిస్సయిన క్షణంలో ప్లేయర్ మైండ్ బాల్ మీద ఉండదు. "టీమ్ వాళ్లు ఏమనుకుంటున్నారో" అన్న దాని మీదకి పోతుంది. ఒక్క తట్టుతో ఆ ప్రశ్నకి జవాబు దొరికేస్తుంది. టెన్షన్ కాస్త తగ్గి, ధ్యాస మళ్లీ షాట్ మీదకి వస్తుందని రీసెర్చర్ల అభిప్రాయం.

ఇది ఒక షాట్ సంగతి. మరి సీజన్ మొత్తానికి? 2010లో మైఖేల్ క్రౌస్ అనే సైకాలజిస్ట్, ఆయన టీమ్ ఒక పేపర్ పబ్లిష్ చేశారు. 2008-09 ఎన్‌బీఏ సీజన్ మొదట్లో జరిగిన మ్యాచ్‌లు చూసి, 30 టీమ్‌లలో 294 మంది ప్లేయర్ల టచ్‌లు లెక్కపెట్టారు. ఫిస్ట్ బంప్, హై-ఫైవ్, హడిల్, ఇలా 12 రకాలు. సీజన్ మొదట్లో ఎక్కువగా తాకుకున్న టీమ్‌లు తర్వాత కూడా బాగా ఆడాయని తేలింది. ఆ లెక్కలో ముందున్నవాళ్లలో బోస్టన్ సెల్టిక్స్ స్టార్ కెవిన్ గార్నెట్ ఒకడు.

వెంటనే మీకో డౌట్ వస్తుంది. "గెలిచే టీమ్ హ్యాపీగా ఉంటుంది కాబట్టి ఎక్కువ చేతులు కొట్టుకుంటుంది, అంతే కదా?" కరెక్ట్ డౌటే. అందుకే వాళ్లు సీజన్ మొదట్లో టీమ్ ఎలా ఆడుతోంది, ప్లేయర్ జీతం ఎంత, సీజన్‌కి ముందు ఆ టీమ్ మీద అంచనాలేంటి, ఇవన్నీ లెక్కలోకి తీసుకున్నారు. అయినా సంబంధం నిలబడింది. మధ్యలో లింక్ ఏంటంటే సహకారం. ఎక్కువ తాకుకునే టీమ్‌లలో ప్లేయర్లు ఒకరితో ఒకరు ఎక్కువ మాట్లాడుకున్నారు, ఖాళీగా ఉన్నవాళ్లకి పాస్ ఇచ్చారు, డిఫెన్స్‌లో పక్కవాళ్లని కవర్ చేశారు. అయినా ఇవి చూసి లెక్కపెట్టిన స్టడీలు, ప్రయోగాలు కావు. టచ్ వల్లే గెలిచారని నూటికి నూరు శాతం చెప్పలేం. ముందే నమ్మకం ఉన్నవాళ్లు ఎక్కువ తాకుకుంటారేమో కూడా. రెండూ ఒకదాన్నొకటి పెంచుకుంటూ ఉండొచ్చు.

ఇప్పుడు మన గ్రౌండ్‌కి వద్దాం. వాలీబాల్ చూడండి. పాయింట్ వచ్చినా, పోయినా, ఆరుగురూ కోర్టు మధ్యలోకి వచ్చి చేతులు తట్టుకుని వెళ్తారు. బ్యాడ్మింటన్ డబుల్స్‌లో మన అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్, చిరాగ్ శెట్టి ఆడే మ్యాచ్ ఈసారి స్కోర్ కోసం కాకుండా, ర్యాలీకీ ర్యాలీకీ మధ్య వాళ్లు ఏం చేస్తారో చూడండి. పాయింట్ పోయినప్పుడు ఇద్దరి మధ్య ఏం జరుగుతుందో గమనించండి.

మీ టీమ్‌లో ఎలా ఉందో తెలుసుకోవాలంటే ఫోన్ చాలు. ఒక సెట్ వీడియో తీయండి. పాయింట్లు గెలిచినవి వదిలేయండి. మనవాళ్ల తప్పు వల్ల పోయినవి మాత్రమే చూడండి. ఉదాహరణకి ఒకడు సర్వీస్ నెట్‌కి కొట్టాడు. ఎంతమంది అతని దగ్గరికి వెళ్లారు? ఎంతసేపటికి వెళ్లారు? కెప్టెన్ తప్పు చేస్తే నలుగురు వచ్చి, కొత్త కుర్రాడు తప్పు చేస్తే అందరూ నేల చూపులు చూస్తున్నారా? అలా ఉంటే ఆ కొత్త కుర్రాడు తర్వాతి సర్వీస్ భయం భయంగా వేస్తాడు.

తేడా కొట్టే చోట్లు ఇంకో రెండున్నాయి. ఒకటి, చెయ్యి తడుతూనే క్లాస్ పీకడం. "పర్లేదురా, కానీ మోచెయ్యి ఎందుకు దించావ్?" అన్నారంటే ఆ తట్టు వేస్ట్. టెక్నిక్ మాటలు బ్రేక్‌లో చెప్పుకోవచ్చు. రెండోది, కోచ్ ఆర్డరేశాడని మొహం పక్కకి తిప్పుకుని చెయ్యి తాకించడం. ఎదుటివాళ్లకి అది వెంటనే తెలిసిపోతుంది. అలాగే కొందరికి ఒంటి మీద చెయ్యి వేస్తే నచ్చదు. వాళ్లకి హగ్ వద్దు, పిడికిలి ముందుకు చాపండి. తాకించాలా వద్దా అన్నది వాళ్ల ఇష్టం.

సో ఫ్రెండ్స్, వచ్చే మ్యాచ్‌లో ఒక్కటి ట్రై చేయండి. మీవాడు క్యాచ్ వదిలేస్తే, తర్వాతి బాల్ పడేలోపు దగ్గరికి వెళ్లి ఒక ఫిస్ట్ బంప్ ఇచ్చి వచ్చేయండి. ఏమీ మాట్లాడొద్దు. ఆ తర్వాత ఏం జరిగిందో కామెంట్స్‌లో రాయండి. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!